మింగెయ్యమన్న మొదటి సీ

పగ పట్టడం నాకు చేతనవును. మా ఇంట్లో ఇంకెవరికీ లేదీ గుణం. మా నాన్న ఎవరిమీదైనా కోపం వస్తే గట్టుమీద నిలబడి ఊరంతా వినేలా తిట్టేసి, ఆ సాయంత్రమే ఆ మనిషి చుట్టకి నిప్పిచ్చేవాడు. నేనలా కాదు. నా కోపం కడుపులోనే ఉంటుంది, పెరుగుతుంది, వేళ చూసుకుని బయటికొస్తుంది. నాకీ గుణం తెచ్చిపెట్టినవాడు ఒక లెక్కల లెక్చరరు. ఆయన పేరు చెప్పను. చెబితే ఇంకా భయపడుతున్నానో, ఇంకా గౌరవిస్తున్నానో అనుకుంటారు. ఆ రెండూ లేవు.

మాది భావనపాడు పక్కన వరి పండించే ఊరు. అరవైల ఆఖర్లో బీఎస్సీ లెక్కలు చదవడానికి విజయనగరం వెళ్ళాను. బడిలో అన్నీ తెలుగులోనే చదివినవాణ్ణి. కాలేజీలో పాఠం ఇంగ్లీషు, తిట్లు మాత్రం తెలుగు. మా లెక్చరరుగారిది గోదావరి అవతలి జిల్లా. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, సుద్ద అంటకుండా వేళ్ళ కొసలతో పట్టుకునే సుద్దముక్క. మా ప్రాంతం మాట వింటే ఆయనకి వెటకారం తన్నుకొచ్చేది. ఎవడైనా 'సెప్పండి' అన్నాడంటే ఆ పూట పాఠం లేదు, నాటకమే.

ఆ ఏడు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు మొదలయ్యాయి. అందులో ఫస్ట్ ఆర్డర్ లీనియర్ ఈక్వేషన్లంటే ఆయనకి మహా ఇష్టం. పద్ధతి ఒకటే, లెక్క ఏదైనా అదే దారి. dy/dx పక్కన y ఉంటుంది, ఆ y ముందర x తో కట్టిన ఏదో ఒక గుణకం ఉంటుంది. ముందు ఆ గుణకాన్ని ఇంటిగ్రేట్ చెయ్యాలి. వచ్చినదాన్ని e నెత్తికెక్కిస్తే అదే ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్. దానితో ఈక్వేషన్‌ని రెండువైపులా గుణిస్తే ఎడమవైపున్న రెండు ముక్కలూ కలిసిపోయి ఒకే ఒక లబ్ధపు డెరివేటివ్ అవుతాయి. y ని ఆ ఫ్యాక్టరుతో గుణిస్తే వచ్చేది ఉందే, దాని డెరివేటివ్. ఇక రెండోసారి ఇంటిగ్రేట్ చేసి, ఫ్యాక్టరుతో భాగిస్తే y బయటపడుతుంది. నాకది మొదటిరోజే భలే నచ్చింది. విడివిడిగా ఎటూ కదలని రెండు ముక్కలు, ఒక్కదానితో గుణించగానే జోడెడ్లలా కదిలాయి.

ఇంటిగ్రేట్ చేసినప్పుడల్లా ఒక స్థిరాంకం కలపాలని అంతకుముందు ఏడాదంతా ఆయనే మా బుర్రలు వాయించాడు. పక్కన సీ వెయ్యకపోతే మార్కులు కోసేవాడు. ఇక్కడికొచ్చేసరికి కొత్త సూత్రం చెప్పాడు. "ఇందులో ఇంటిగ్రేషన్లు రెండు. మొదటి సీ ని మింగెయ్యండి. రెండో సీ ని మింగారా, మీ మార్కులు నేను మింగుతాను." క్లాసంతా నవ్వింది. ఏటేటా ఇదే మాట, ఇదే నవ్వు అని సీనియర్లు చెప్పారు.

నేను లేచాను. నిజంగా తెలుసుకోవాలని లేచాను, ఆ పూటకి నా మనసులో ఆయనమీద ఏమీ లేదు.

"మొదటి దానికి సీ ఎందుకెయ్యకూడదండీ? ఏస్తే ఏటవుతాదండీ?"

ఆయన సుద్దముక్క బల్లమీద పెట్టాడు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏటీ? ఏటవుతాదీ?" అన్నాడు. మా యాసలో, సాగదీసి, నడుం వంచి, పశువుల్ని తోలేవాడిలా చెయ్యి ఊపుతూ. "ఏటవుతాదంటే, లెక్క సెడిపోతాదిరా బాబూ! ముందు మనుషుల మాట నేర్చుకో. తర్వాత లెక్కలు నేర్చుకుందువుగాని. అంతవరకూ అలాగే నిలబడు."

గంట కొట్టేదాకా నిలబడ్డాను. నా ముందు బెంచీల్లో ఉన్నవాళ్ళలో సగం మంది మా జిల్లావాళ్ళే. ఇళ్ళకెళితే 'ఏటే అమ్మా' అనేవాళ్ళే. వాళ్ళూ నవ్వారు. ఆయన నవ్వు కన్నా ఆ నవ్వే నాకు ఎక్కువ మండింది. ఆ పీరియడ్‌లో మిగిలిన పాఠం ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఆయన వీపు చూస్తూ, ఆ చొక్కా మడత చూస్తూ నిలబడ్డాను.

నా గదిలో నాతోపాటు ఉండేవాడు బొబ్బిలి షావుకారుగారి అబ్బాయి. వాళ్ళకి బట్టలకొట్టు. వాడికి లెక్కలంటే భయం, నేనంటే నమ్మకం. ఆ సాయంత్రం వాడన్నాడు, "ఒరే, ఒగ్గీరా. ఆయన మింగీమన్నాడు, మనవు మింగీసాం. గొడవొదిలిపోద్ది."

నేను ఒగ్గలేదు. కాగితం మీద మొదటి సీ ని వేసి చూశాను. దానికి k అని పేరు పెట్టాను, రెండోదానితో కలవకుండా. ఫ్యాక్టరులో k వచ్చి కూర్చుంది. గుణించినప్పుడు రెండువైపులా వచ్చింది. భాగించేసరికి అన్నిచోట్లా ఎగిరిపోయింది, చివరి సీ పక్కన మాత్రం మిగిలింది. సీ ఎలాగూ మన ఇష్టం వచ్చిన స్థిరాంకం, దాన్ని ఇంకో స్థిరాంకంతో గుణిస్తే వచ్చేదీ స్థిరాంకమే. అంటే k ఉన్నా లేకపోయినా జవాబులు అవే. ఆయన నన్ను గంటసేపు నిలబెట్టిన ప్రశ్నకి సమాధానం అరపేజీ. అది ఆయనకి తెలియదని ఆ క్షణంలో నాకు అర్థమైంది. తెలిసినవాడైతే చెప్పేవాడు, చెప్పి మరీ వెక్కిరించేవాడు.

తెలిసింది కదా అని ఊరుకుంటే నేను మా నాన్న కొడుకునే అయ్యేవాణ్ణి.

సెలెక్షన్ పరీక్షలొచ్చాయి. అందులో తప్పితే యూనివర్సిటీ పరీక్షకి పంపరు, ఏడాది పోతుంది. లెక్కల పేపర్లో పెద్ద ప్రశ్నే లీనియర్ ఈక్వేషను. dy/dx + 2y = 4x. నేను k తోనే చేశాను. y = 2x − 1 + Ce⁻²ˣ⁻ᵏ అని చివర రాశాను. తలబిరుసే, కాదనను. కాని లెక్క తప్పు కాదు. పేపరు తిరిగొచ్చినప్పుడు ఆ జవాబు మీద ఈ మూలనుంచి ఆ మూలకి ఎర్రసిరా గీత, గీత కింద సున్నా. సున్నా గుండ్రంగా, తీరిగ్గా చుట్టినట్టుంది. ఆ ఒక్క ప్రశ్నతో నేను తప్పాను.

స్టాఫ్ రూముకి వెళ్ళాను. పేపరు చాపాను. "ఇది తప్పు కాదండి" అన్నాను.

"రెండు సీలు వేసేవాడికి చదువు రాదు. ఊరెళ్ళి నాగలి పట్టు," అన్నాడు, తలెత్తకుండా.

నాగలి మాట మా నాన్న కూడా అన్నాడు. నాన్న వెటకారంగా అనలేదు, ఉన్నమాటే అన్నాడు. ఇంటికెళ్ళి విషయం చెబితే, పాక ముందు కూర్చుని గడ్డి కట్టలు లెక్కపెట్టుకుంటూ, "ఇంకో ఏడు ఆడ ఉంచలేన్రా నానా. ఈ పాలి పంపకపోతే వొచ్చీయి. నాతోపాటు నాగలి పట్టుదువుగాని," అన్నాడు. అందులో కోపం లేదు. అందుకే ఎదురు మాట్లాడలేకపోయాను. నా చదువంతా ఆ సున్నా దగ్గర ఆగిపోయింది. తిరుగు రైల్లో శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఆ చొక్కా మడతని తల్చుకున్నాను.

ఆ లెక్చరరే నన్ను పిలిపిస్తాడని నేను అనుకోలేదు.

వాల్తేరు యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన మా డిపార్టుమెంటు చూడటానికి వస్తున్నాడు. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటాడు, వెళ్ళి రిపోర్టు రాస్తాడు. మా లెక్చరరు ఉద్యోగం అప్పటికి ఇంకా ఖాయం కాలేదు, ఆ రిపోర్టు బాగుంటేనే ఖాయం. ఇలాంటప్పుడు మా కాలేజీలో ఒక ఆనవాయితీ ఉండేది. ముందే ఒక కుర్రాణ్ణి ఎంచి, ఒక లెక్క ఎంచి, వాడిచేత దాన్ని పదిసార్లు చేయించి, ఆ రోజున అప్పటికప్పుడు అడిగినట్టు బోర్డు దగ్గరికి పిలిచేవారు. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ తడబడకుండా బోర్డు మీద చేసేవాడు మా క్లాసులో నేనొక్కణ్ణే. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

స్టాఫ్ రూములో నాకు కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"బాగా చేస్తే నీ పేపరు ఇంకోసారి చూస్తాను. పరీక్షకి పంపుతాను. ఒక్కటే షరతు. నోరు విప్పకు. నీ భాష ఆయన వింటే మా అందరి పరువూ పోతుంది. రాయి చాలు. వివరించడం నేను చూసుకుంటాను."

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు. "అలగేనండి" అన్నాను.

ఆయన ఎంచిన లెక్క dy/dx + y = x. ఫ్యాక్టరు eˣ. జవాబు x − 1 + Ce⁻ˣ. ఆయన ముందు మళ్ళీమళ్ళీ చేశాను, మొదటి సీ మింగేసి, బుద్ధిమంతుడిలా. "చూశావా, ఎంత సులువో!" అని భుజం తట్టాడు. ఆ చెయ్యి పడ్డచోట ఆ సాయంత్రం సబ్బు పెట్టి రుద్దుకున్నాను.

షావుకారుగారి అబ్బాయికి నా ఆలోచన చెప్పాను. వాడు హడలిపోయాడు. "నీకేటైనా పిచ్చేటిరా? ఆయన సెప్పినట్టు రాసీసి వొచ్చీరా. పరీచ్చకి ఎల్పోతావు. ఇంకేటి కావాలి?"

"ఆ సున్నా ఆయన సేత్తోనే సెరపాలి," అన్నాను.

"సెరపకపోతే? మీ నానకేటి సెప్తావు?"

పగ పట్టినవాడికి భయం ఉండదంటారు, అది పచ్చి అబద్ధం. ఆ వారమంతా పొలం కళ్ళముందు కనిపించేది, బురదలో నా కాళ్ళు కనిపించేవి. మా నాన్న ఏమీ అనకుండా నాగలి నా చేతికిచ్చేయడం కనిపించేది. అయినా ఆ నడుం వంచిన నాటకం గుర్తుకొచ్చేసరికి ఇవన్నీ వెనక్కిపోయేవి.

ఆ రోజు వాల్తేరు పెద్దాయన వెనక బెంచీలో కూర్చున్నాడు. బక్కపల్చటి మనిషి, పాత కోటు. పాసెంజరు కొత్తవలసలో చాలాసేపు ఆగిపోయిందట, ముఖంమీద ఇంకా బొగ్గుమసి ఉంది. మా లెక్చరరు ఇంగ్లీషులో చక్కగా పాఠం చెప్పాడు. పద్ధతి చెప్పాడు. మొదటి సీ మింగెయ్యండి అన్న మాటని ఇంగ్లీషు చేసి చెప్పాడు, దానికి ఎవరూ నవ్వలేదు. తర్వాత అప్పుడే గుర్తొచ్చినట్టు బోర్డు మీద లెక్క రాసి నావైపు వేలు చూపించాడు.

వెళ్ళాను. సుద్ద తీసుకున్నాను. నోరు విప్పలేదు. ఆయన పెట్టిన షరతు అక్షరాలా పాటించాను.

y ముందున్న గుణకం ఒకటి. దాన్ని ఇంటిగ్రేట్ చేస్తే x. పక్కన + k అని రాశాను, దూరానికి కూడా కనబడేంత పెద్దగా. ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను వినిపించుకోలేదు. ఫ్యాక్టరు eˣ⁺ᵏ. రెండువైపులా గుణించాను. ఎడమవైపు y eˣ⁺ᵏ డెరివేటివ్ అయింది, కుడివైపు x eˣ⁺ᵏ. రెండో ఇంటిగ్రేషన్, బై పార్ట్స్. కుడివైపు (x − 1)eˣ⁺ᵏ + C. ఫ్యాక్టరుతో భాగించాను.

y = x − 1 + Ce⁻ˣ⁻ᵏ

అక్కడ ఆపేశాను. ఇంకో వరస రాస్తే k కాస్తా సీ లో కలిసిపోయి మామూలు జవాబు వచ్చేది. అది కావాలనే రాయలేదు. సుద్దముక్క పెట్టేసి, చేతులు కట్టుకుని, లెక్క అయిపోయినట్టు పక్కకి నిలబడ్డాను. ఎర వేశాను, అంతే. ఆయన కోపిష్టి అని నాకు తెలుసు. కోపిష్టివాడు నోరు మూసుకుని ఉండలేడని కూడా తెలుసు.

ఆయన ముఖం ఎర్రబడింది. వెనక్కి తిరిగి పెద్దాయనతో ఇంగ్లీషులో అన్నాడు, "క్షమించాలి సర్. ఇక్కడి కుర్రాళ్ళు ఇంతే, ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. జవాబు తప్పు. మొదటి స్థిరాంకం కలిపినందువల్ల లెక్క చెడిపోయింది. ఇలాంటివాటికి నేను సున్నా వేస్తాను."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తప్పా?" అన్నాడు, తెలుగులోనే.

"తప్పే సర్. జవాబులో k ఉండకూడదు."

"అయితే వేసి చూడండి. y ని ఈక్వేషన్లో పెట్టండి. x వస్తుందో రాదో చూద్దాం."

అంతకన్నా నాకేం కావాలి! లెక్చరరే సుద్ద తీసుకున్నాడు. y ని డిఫరెన్షియేట్ చేశాడు. ఒకటి, మైనస్ Ce⁻ˣ⁻ᵏ. దానికింద y వేశాడు. x మైనస్ ఒకటి, ప్లస్ Ce⁻ˣ⁻ᵏ. కూడబోయాడు. చెయ్యి ఆగింది. k ఉన్న ముక్కలు రెండూ ఒకదాన్నొకటి కొట్టేశాయి. ఒకటి, మైనస్ ఒకటి పోయాయి. మిగిలింది x. అది రాయక తప్పదు, రాశాడు. ఆ అక్షరం మిగతావాటికన్నా చిన్నగా వచ్చింది. వేళ్ళ నిండా సుద్ద అంటింది. ఆ చేత్తోనే నుదురు తుడుచుకున్నాడు.

నన్ను నిలబెట్టిన రోజున నవ్వినవాళ్ళందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశాను. ఆ తర్వాత నోరు విప్పాను. గట్టిగా, మా ఊళ్ళో కళ్ళంలో నిలబడి మాట్లాడినట్టే మాట్లాడాను.

"తప్పు కాదండి. సీ అంటే మన ఇష్టమొచ్చిన అంకె గదండీ. దాన్ని ఈ టు ది కే తో బాగిస్తే వొచ్చీది ఇంకో సీ. అంచేత మొదట్ల కే ఏసినా ఏటవ్వదు. రెండోది మాత్రం ఎయ్యాలి. అది ఎయ్యకపోతే ఒక్క జవాబే వస్తాది, మిగిలినవన్నీ పోతాయి. మొదటిది ఎందుకెయ్యరని నాను ముందే అడిగినానండి. అడిగినందుకు గంటసేపు నిలబెట్టినారు. ఇలగే సేసిన లెక్కకి సెలచ్చన్ల సున్నా ఎట్టినారు. నన్ను పరీచ్చకి పంపడం లేదండి."

లెక్చరరు నావైపు చూశాడు. ఆ చూపులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. పశువుల్ని తోలేవాడు కొరడా తనమీదికే తిప్పాడని ఆశ్చర్యం కాబోలు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. నాకు జాలి కలగలేదు. ఇన్నేళ్ళయినా కలగలేదు.

పెద్దాయన పేపరు తెప్పించమన్నాడు. ప్రిన్సిపాలుగారి గదిలో, పెద్దాయన ముందే, నన్ను కూడా నిలబెట్టి, నా లెక్చరరుచేత దిద్దించారు. ఆయన సున్నాని కొట్టేసి పూర్తి మార్కులు వేశాడు.

"ఎర్రసిరాతోనే సంతకం ఎట్టండి," అన్నాను.

ప్రిన్సిపాలుగారు నన్ను గుడ్లురిమి చూశారు. వాల్తేరు ఆయన కిటికీవైపు తిరిగాడు, నవ్వు దాచుకోడానికని నా నమ్మకం. లెక్చరరు సంతకం పెట్టాడు. నేను పరీక్షకి వెళ్ళాను, పాసయ్యాను. మా నాన్న నాగలి నా చేతికివ్వలేదు.

కథ ఇక్కడితో ముగిస్తే మంచివాణ్ణనిపించుకునేవాణ్ణి. కాని జూన్‌లో టీసీ కోసం మళ్ళీ విజయనగరం వెళ్ళాను. లెక్చరరు ఉద్యోగం ఖాయం కాలేదట, ఇంకో ఏడాది పొడిగించారట. గుమాస్తా టీసీ రాస్తున్నంతసేపూ వరండాలో తిరుగుతున్నాను. ఒక గదిలోంచి ఆ గొంతు వినిపించింది. కొత్త బ్యాచి. లీనియర్ ఈక్వేషన్లు. "మొదటి సీ ని మింగెయ్యండి," అన్నాడు, అలవాటుకొద్దీ. పిల్లలు నవ్వారు.

వెనక బెంచీ నుంచి ఒక ఆడపిల్ల లేచింది. "మింగకపోతే ఏటవుతాదండీ?"

మళ్ళీ నవ్వులు. ఆయన సుద్దముక్క బల్లమీద పెట్టాడు. చెయ్యి చెవిదాకా వెళ్ళింది. అంతలో ఆయన చూపు తలుపు దగ్గరికొచ్చింది. తలుపులో నేనున్నాను.

చెయ్యి మెల్లిగా దిగింది. సుద్దముక్క తీసుకున్నాడు. "ఏమీ కాదమ్మా, కూర్చో," అన్నాడు. బోర్డువైపు తిరిగి x పక్కన + k అని రాశాడు. ఫ్యాక్టరు రాశాడు, గుణించాడు, రెండోసారి ఇంటిగ్రేట్ చేశాడు, భాగించాడు. k సీ లో ఎలా కలుస్తుందో ఒక్కొక్క వరసే వివరించాడు, ఎక్కడా వెక్కిరించకుండా. మధ్యలో రెండుమూడుసార్లు తలుపువైపు చూశాడు, వెళ్ళిపోయానేమో అని.

గుమాస్తా టీసీ పట్టుకుని వచ్చి పిలిచాడు. ఆగమని చెయ్యి చూపించాను. గంట కొట్టేదాకా అక్కడే నిలబడ్డాను. ఈసారి నన్ను ఎవరూ నిలబెట్టలేదు.